పన్నెండు శాతం లెక్క సరైనదే, కానీ అంత పణం పెట్టవద్దు

ప్రశ్న: మాది మిర్యాలగూడ. రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. రెండేళ్లుగా సొంత డబ్బుతో షేర్లు కొని, కొన్ని రోజులో కొన్ని వారాలో ఉంచి అమ్ముతున్నాను. ఒక్కో ట్రేడులో రెండు వేలకు మించి పోకుండా స్టాప్‌లాస్ పెట్టుకుంటాను. ఇప్పటికి వంద ట్రేడులు నోటుబుక్కులో రాసి పెట్టాను. 52 లాభం, 48 నష్టం. ఖర్చులన్నీ పోను లాభం వచ్చినప్పుడు సగటున రూ. 2,400, నష్టం వచ్చినప్పుడు సగటున రూ. 2,000. ఖాతాలో 5 లక్షలు ఉన్నాయి. అందులో లక్షన్నర జూన్‌లో అమ్మాయి కాలేజీ ఫీజు కట్టాలి. మా బావమరిది కెల్లీ సూత్రం వేసి, ట్రేడుకు 12 శాతం దాకా పెట్టవచ్చు, నువ్వు ఊరికే భయపడుతున్నావు అంటున్నాడు. ఆ లెక్క నిజమేనా? నిజమైతే అందులో సగమో పావో మాత్రమే పెట్టమని కొందరు ఎందుకు చెబుతారు? నేను ఒకేసారి మూడు నాలుగు షేర్లు పట్టుకుంటాను. ఆప్షన్లలో కూడా ఇదే శాతం వాడవచ్చా?
— ఒక పాఠకుడు, మిర్యాలగూడ

సమాధానం: మీ బావమరిది గారు వేసిన లెక్కలో తప్పు లేదు. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన జాన్ కెల్లీ 1956లో ప్రచురించిన సూత్రం అది. గెలుపు శాతాన్ని p అని, గెలిచినప్పుడు వచ్చే సగటు లాభం ఓడినప్పుడు పోయే సగటు నష్టానికి ఎన్ని రెట్లో ఆ సంఖ్యను b అని అనుకుంటే, ప్రతిసారీ ఖాతాలోని సొమ్ములో ఎంత భాగాన్ని పణంగా పెడితే దీర్ఘకాలంలో ఆ సొమ్ము అన్నిటికంటే వేగంగా పెరుగుతుందో ఆ భాగం f ఇలా వస్తుంది.

```
f = p - (1 - p)/b
f = 0.52 - 0.48/1.2 = 0.12
```

మీ పుస్తకం ప్రకారం p 0.52. రెండు వేల నాలుగు వందలను రెండు వేలతో భాగిస్తే b 1.2. అందువల్ల 12 శాతం వచ్చింది. మీరు ప్రతి ట్రేడుకు ఒకే మొత్తంలో నష్టానికి సిద్ధపడటం వల్ల ఈ సగటులు నేరుగా పనికివచ్చాయి. ఒకసారి వెయ్యి, మరోసారి ఐదు వేలు పణం పెట్టేవారు ముందుగా ప్రతి ఫలితాన్నీ ఆ ట్రేడులో పెట్టిన పణంతో భాగించి, ఆ తరువాతే సగటు తీయాలి. లేకపోతే పెద్ద ట్రేడుల ఫలితం చిన్నవాటిని మింగేస్తుంది.

ఈ 12 శాతం అనేది షేర్లు కొనడానికి వెచ్చించే సొమ్ము కాదు, స్టాప్‌లాస్ తగిలితే పోయే సొమ్ము. చాలామంది ఇక్కడే తడబడతారు. 5 లక్షల్లో 12 శాతం అంటే 60,000 రూపాయలు. రూ. 400 ఉన్న షేరు కొని రూ. 380 దగ్గర స్టాప్‌లాస్ పెట్టారనుకుందాం. షేరుకు 20 రూపాయల నష్టం కాబట్టి 60,000 పణం పెట్టాలంటే 3,000 షేర్లు, అంటే 12 లక్షల సరుకు కొనాలి. మీ ఖాతాలో ఉన్నది 5 లక్షలే. అప్పు తీసుకోకుండా ఆ సలహాను పాటించడమే కుదరదు. మీరు ఇప్పుడు పెడుతున్న రెండు వేలు ఖాతాలో 0.4 శాతం. మీ బావమరిది గారు దాన్ని ముప్ఫై రెట్లు చేయమంటున్నారు.

ఇక సూత్రం వెనుక ఉన్న కారణానికి వద్దాం. అది అర్థమైతేనే సగం, పావు అనే మాటలకు అర్థం తెలుస్తుంది. ఖాతాలోని సొమ్ములో ఇంత శాతం అని పెట్టినప్పుడు లాభనష్టాలు ఒకదానికొకటి కూడవు, ఒకదానితో ఒకటి గుణించబడతాయి. మీ పద్ధతిలో 12 శాతం పణం పెడితే గెలిచినప్పుడు ఖాతా 1.144 రెట్లు, ఓడినప్పుడు 0.88 రెట్లు అవుతుంది. ఒక గెలుపు, ఒక ఓటమి వచ్చాయనుకుంటే 1.144ను 0.88తో గుణించాలి. ఫలితం 1.0067, అంటే 5 లక్షలకు సుమారు 3,360 రూపాయలు చేరతాయి. అదే పణాన్ని 24 శాతానికి పెంచి మళ్లీ గుణించండి. 1.288 ఇంటూ 0.76 అంటే 0.979. గెలిచినప్పుడు ఎక్కువే వచ్చింది, ఓటమికంటే గెలుపు పెద్దదే, అయినా ఒక గెలుపూ ఒక ఓటమీ కలిసేసరికి 5 లక్షల్లో పది వేలకు పైగా పోయాయి. పద్ధతి ఏమీ మారలేదు, పణం ఒక్కటే పెరిగింది.

మీ సాగర్ ఎడమ కాలువ కింది రైతులకు యూరియా సంగతి తెలుసు. ఒక మోతాదు దాకా వేసేకొద్దీ వరి దిగుబడి పెరుగుతుంది, ఆ మోతాదు దాటాక వేసిన ప్రతి బస్తా పైరును ఏపుగా పెంచి, పడిపోయేలా చేసి, ఉన్న దిగుబడినే తగ్గిస్తుంది. పణం విషయంలో ఆ శిఖరం ఎక్కడుందో చెప్పేదే కెల్లీ సూత్రం. శిఖరానికి ఇవతల ఉండటం, అవతల ఉండటం ఒకటి కాదన్న సంగతిని మాత్రం సూత్రం చెప్పదు. దాన్ని మనమే లెక్కవేసి చూసుకోవాలి.

కంప్యూటరులోనో ఫోనులోనో షీటు తెరిచి ఈ ఒక్క వరుస రాయండి. వంద ట్రేడుల తరువాత ఖాతా ఎన్ని రెట్లవుతుందో అది చెబుతుంది. 0.12 ఉన్న రెండు చోట్లా పణం శాతాన్ని మార్చి చూడవచ్చు.

```
=EXP(100*(0.52*LN(1+1.2*0.12)+0.48*LN(1-0.12)))
```

వందలో సరిగ్గా 52 గెలిచి 48 ఓడితే, గెలుపోటములు ఏ వరుసలో వచ్చినా సరే, 12 శాతం పణంతో 5 లక్షలు సుమారు 11 లక్షల 80 వేలు అవుతాయి. 6 శాతంతో 9 లక్షల 53 వేలు, 3 శాతంతో 7 లక్షల 29 వేలు అవుతాయి. పెరుగుదల వేగాన్ని కొలిస్తే, పణాన్ని సగానికి తగ్గించినా వేగంలో మూడు వంతులు, అంటే నాలుగింట మూడు భాగాలు మిగులుతున్నాయి. పావుకు తగ్గించినా దాదాపు 44 శాతం మిగులుతోంది. ఖాతాలో వచ్చే ఎగుడుదిగుళ్లు మాత్రం పణంతో సమానంగా, సగానికి సగం, పావుకు పావు తగ్గుతాయి. ఇప్పుడు శిఖరానికి అవతలి వైపు చూడండి. 18 శాతం పెడితే చివరికి 9 లక్షల 52 వేలు వస్తాయి. 6 శాతం పెట్టినవాడికి వచ్చిందీ ఇంచుమించు అంతే. అంటే 18 శాతం పెట్టినవాడు మూడు రెట్ల ఒడుదొడుకులు భరించి, ఒక్క రూపాయి కూడా ఎక్కువ సంపాదించలేదు. 24 శాతం పెట్టినవాడు రెండేళ్లు కష్టపడి 4 లక్షల 94 వేలతో మొదలైన చోటికే వస్తాడు. కెల్లీ చెప్పిన భాగానికి రెట్టింపు పెడితే పెరుగుదల దాదాపు సున్నా అవుతుందని, అంతకు మించితే ఖాతా కరుగుతుందని గుర్తుపెట్టుకోండి. మిగతా సమాధానమంతా దీని మీదే ఆధారపడి ఉంది.

ఎందుకంటే, మీ శిఖరం నిజంగా 12 శాతం దగ్గరే ఉందని మీకు తెలియదు. 52 శాతం గెలుపు అనేది మీ పద్ధతికి పుట్టుకతో ఉన్న గుణం కాదు, వంద ట్రేడుల నుంచి కొలిచిన సంఖ్య. కొలతలో దోషం ఉంటుంది. ఎంత ఉంటుందో కూడా లెక్క ఉంది. 0.52ను 0.48తో గుణించి, ట్రేడుల సంఖ్య 100తో భాగించి, వర్గమూలం తీస్తే 0.05 వస్తుంది. దీన్ని గణాంక శాస్త్రంలో ప్రామాణిక దోషం అంటారు. సుమారుగా చెప్పాలంటే, మీ అసలు గెలుపు శాతం 47కూ 57కూ మధ్య ఉండే అవకాశం మూడింట రెండు వంతులు. మిగిలిన ఒక వంతులో సగం 47కు దిగువన ఉంటుంది, అంటే ఆరింట ఒక వంతు. ఇది అరుదైన సంగతేమీ కాదు. b 1.2 అయినప్పుడు లాభమూ నష్టమూ లేకుండా నిలవడానికే 45.5 శాతం గెలవాలి. మీకూ ఆ గీతకూ మధ్య ఉన్న దూరం ఆరున్నర శాతం, కొలతలో దోషం ఐదు శాతం. మీ దగ్గర నిజంగా పైచేయి ఉండే అవకాశం ఎక్కువే, కానీ దాని పరిమాణం మీకింకా సరిగా తెలియదు.

అసలు గెలుపు 47 శాతమే అనుకుందాం. అది నష్టం తెచ్చే పద్ధతి కాదని ముందుగా గమనించండి. ఇప్పటిలాగే ట్రేడుకు రెండు వేలు పెడుతూ పోతే, వందలో 47 గెలుపులకు లక్షా పన్నెండు వేల ఎనిమిది వందలు వచ్చి, 53 ఓటములకు లక్షా ఆరు వేలు పోయి, 6,800 రూపాయలు మిగులుతాయి. కొద్దిపాటిదైనా లాభమే. ఈ పద్ధతికి కెల్లీ భాగం ఎంతో చూస్తే, 0.47 నుంచి 0.53/1.2 తీసేయాలి, వచ్చేది 0.028. అంటే శిఖరం 2.8 శాతం దగ్గర ఉంది. మీరు అది 12 దగ్గర ఉందనుకుని 12 శాతం పణం పెట్టారు, అంటే నిజమైన శిఖరానికి నాలుగు రెట్లు దాటిపోయారు. షీటులో 0.52 స్థానంలో 0.47, 0.48 స్థానంలో 0.53 పెట్టి చూడండి. వంద ట్రేడులకు 5 లక్షలు 3 లక్షల 18 వేలకు దిగుతాయి. స్థిరంగా రెండు వేలు పెట్టినవాడికి 6,800 లాభం ఇచ్చిన అవే 47 గెలుపులు, అవే 53 ఓటములు, 12 శాతం పెట్టినవాడి దగ్గర లక్షా ఎనభై రెండు వేలు తీసుకుపోయాయి. షేర్ల ఎంపిక కుదరలేదని, కాలం కలిసిరాలేదని ఆ మనిషి అనుకుంటాడు. అసలు కారణం పణం పరిమాణమని అతని పుస్తకంలో ఎక్కడా కనిపించదు.

అదే 47 శాతం లోకంలో 6 శాతం పెట్టినవాడు 4 లక్షల 94 వేల దగ్గర, అంటే ఉన్నచోటే ఉంటాడు. 3 శాతం పెట్టినవాడు 5 లక్షల 24 వేలకు చేరతాడు. పావు భాగం పెట్టమనడానికి ఇదే కారణం. మీ కొలత నిజమైతే పావు వల్ల పెరుగుదలలో కొంత వదులుకుంటారు. మీ కొలత అటూ ఇటూ అయితే పావు పెట్టినవాడు మాత్రమే లాభంలో మిగులుతాడు. సగం పెట్టమనేవారి మాట కూడా కాదనను. బ్లాక్‌జాక్ పేకాటలో, ఆ తరువాత షేర్ మార్కెట్లో ఈ సూత్రాన్ని వాడిన గణిత ఆచార్యుడు ఎడ్వర్డ్ థోర్ప్ కూడా పూర్తి భాగానికి దిగువన ఉండటమే మేలన్నారు. అయితే పేకాటలో మిగిలిన ముక్కలను బట్టి గెలుపు అవకాశాన్ని లెక్కకట్టవచ్చు. మీకు ఉన్నది వంద వరుసల నోటుబుక్కు. అందుకే సగం మీకు ఎక్కువని నా అభిప్రాయం. నాలుగు వందల ట్రేడులు నమోదయ్యాక దోషం ఐదు నుంచి రెండున్నర శాతానికి తగ్గుతుంది. అప్పటికీ గెలుపు 52 దగ్గరే నిలిస్తే సగం గురించి ఆలోచించవచ్చు.

కొలతలోని దోషం రెండు వైపులా సమానంగా ఉంటుందనుకోవడం కూడా పొరపాటే. వంద ట్రేడుల తరువాత పుస్తకం నష్టం చూపిస్తే మీరు ఈ ఉత్తరమే రాసేవారు కాదు, పద్ధతి మానేసేవారు. బాగా వచ్చిన పుస్తకాలకే మనం సూత్రం వేస్తాం కాబట్టి, సూత్రంలోకి వెళ్లే సంఖ్యల్లో అదృష్టం పాలు కొంత కలిసే ఉంటుంది. దీన్ని పూర్తిగా వేరు చేయలేం గానీ, ఒక పరీక్ష పెట్టవచ్చు. మీ 52 లాభాల్లో అతి పెద్దవి రెండింటిని కొట్టేసి, మిగిలిన 98 ట్రేడులతో లెక్క మళ్లీ వేయండి. ఉదాహరణకు ఆ రెండూ కలిపి 18,000 తెచ్చాయనుకోండి. మిగిలిన 50 లాభాల సగటు 2,136కు, b దాదాపు 1.07కు, గెలుపు 51 శాతానికి దిగుతాయి. కెల్లీ భాగం 12 నుంచి సుమారు 5 శాతానికి పడిపోతుంది. రెండే ట్రేడులు సగానికి పైగా సంఖ్యను మోస్తున్నాయన్నమాట. మీ పుస్తకంలో అలా జరిగితే, ఆ తగ్గిన సంఖ్యనే అసలు సంఖ్యగా భావించి, దానిలో పావు వాడండి. జరగకపోతే మీ b గట్టిదేనని కొంత ధైర్యం చెప్పుకోవచ్చు. ఆ వంద ట్రేడుల తేదీలు కూడా ఒకసారి చూడండి. అన్నీ మార్కెట్ పైకి పోతున్న నెలల్లోనే ఉంటే, పడే మార్కెట్లో మీ గెలుపు శాతం ఎంతో ఆ పుస్తకం చెప్పలేదు.

ఖర్చులు తీసేశానని రాశారు, మంచి పని చేశారు. డెలివరీ షేర్లకు కొన్నప్పుడూ అమ్మినప్పుడూ 0.1 శాతం చొప్పున ఎస్‌టీటీ అనే పన్ను పడుతుంది. 3 లక్షల సరుకు మీద అదొక్కటే సుమారు ఆరు వందలు అవుతుంది. పైచేయి ఇంత పలచగా ఉన్నచోట దాన్ని విడిచి లెక్క వేస్తే f చాలా ఎక్కువగా కనిపిస్తుంది.

కొలత అంతా సరైనదే అనుకున్నా పూర్తి భాగం పెట్టకూడదనడానికి మరో కారణం ఉంది. దాన్ని మనిషి ఓర్పు అనవచ్చు. 48 శాతం ఓటములు వచ్చే పద్ధతిలో వంద ట్రేడుల్లో ఎక్కడో ఒకచోట వరుసగా ఐదు నష్టాలు రావడం, రాకపోవడం కంటే ఎక్కువగా జరిగే విషయం. మీ పుస్తకంలో కూడా బహుశా ఉండే ఉంటుంది, వెతకండి. 12 శాతం పణంతో ఆ ఐదు నష్టాలు 5 లక్షలను 2 లక్షల 64 వేలకు దించుతాయి. 3 శాతంతో 4 లక్షల 29 వేల దగ్గర ఆగుతాయి. దీర్ఘకాలానికి సుమారుగా వర్తించే లెక్క ఒకటుంది. పూర్తి కెల్లీ భాగం పెడుతూ పోయేవాడి ఖాతా ఎప్పుడో ఒకప్పుడు మొదలుపెట్టిన సొమ్ములో సగానికి పడే అవకాశం రెండింట ఒకటి. సగం భాగం పెట్టేవాడికి అది ఎనిమిదింట ఒకటి, పావు పెట్టేవాడికి నూట ఇరవై ఎనిమిదింట ఒకటి. ఈ మూడు సంఖ్యలూ p, b ఖచ్చితంగా తెలిసినవాడికే. ఇందాక చెప్పినట్టు మీ అసలు గెలుపు 47 శాతమే అయితే, మీరు పావు అనుకునే 3 శాతమే మీకు పూర్తి భాగం అవుతుంది, సగానికి పడే అవకాశం కూడా రెండింట ఒకటికి చేరుతుంది. పావు కూడా పూర్తి రక్షణ కాదని అందుకే చెబుతున్నాను.

ఖాతా సగానికి పడినప్పుడు సూత్రం చెప్పే పని పణాన్ని కూడా సగానికి తగ్గించడం, ఎందుకంటే శాతం ఎప్పుడూ ఆనాటికి మిగిలిన సొమ్ము మీదే. 2 లక్షల 64 వేలు ఉన్న రోజున 12 శాతం అంటే 60,000 కాదు, 31,680 మాత్రమే. కానీ పోయినదాన్ని త్వరగా రాబట్టుకోవాలనే తొందరలో మనిషి ఆ రోజునే పణం పెంచుతాడు. నిజమైన శిఖరానికి రెట్టింపు దాటడం చాలా ఖాతాల్లో ఇలాగే జరుగుతుంది. నూటికి మూడు రూపాయలు పోయినప్పుడు ఎవరూ అంత కంగారుపడరు కాబట్టి, చిన్న భాగం పెట్టినవాడు నియమాన్ని నిలబెట్టుకోగలడు.

ఇప్పుడు మీరు ఒకేసారి మూడు నాలుగు షేర్లు పట్టుకునే సంగతి. సూత్రం ఒక పందెం తేలాక మరో పందెం అనే లెక్క మీద కట్టినది. నాలుగు షేర్లూ ఒకే సమయంలో చేతిలో ఉంటే, మార్కెట్ పడిన రోజు నాలుగు స్టాప్‌లాస్‌లూ కలిసి తగులుతాయి. 2024 జూన్ 4న, లోక్‌సభ ఎన్నికల ఫలితాలు వచ్చిన రోజున, నిఫ్టీ ఒక్కరోజులోనే దాదాపు 6 శాతం పడింది. అలాంటి రోజున నాలుగు బ్యాంకు షేర్లు నాలుగు పందేలు కావు, ఒకే పందెం. ఒక్కోదానికి 3 శాతం చొప్పున పెట్టి ఉంటే మీరు పెట్టింది 3 శాతం కాదు, 12 శాతం. మీ బావమరిది గారి సంఖ్యకే మరో దారిలో చేరుకున్నట్టు. అందువల్ల 3 శాతాన్ని ఒక్కో ట్రేడుకు కాకుండా, ఏ రోజునైనా తెరిచి ఉన్న అన్ని ట్రేడుల పణానికి కలిపి హద్దుగా పెట్టుకోండి. మూడు షేర్లు పట్టుకుంటే ఒక్కోదానికి 1 శాతం, నాలుగైతే 0.75 శాతం. వేర్వేరు రంగాల షేర్లు అయితే వాటి కదలికల్లో కొంత తేడా ఉంటుంది కాబట్టి ఈ హద్దు కాస్త బిగువే, కానీ ఈ బిగువు వల్ల పోయేది తక్కువని పైన చూశారు.

స్టాప్‌లాస్ కూడా మీరు అనుకున్న ధరకే అమ్ముడుపోతుందన్న హామీ కాదు. రూ. 380 దగ్గర పెట్టిన షేరు మరుసటి ఉదయం రూ. 360 దగ్గర తెరుచుకుంటే నష్టం రెట్టింపవుతుంది. 3 శాతం 6 అవుతుంది, 12 శాతం 24 అవుతుంది. అలాంటివి మీ వంద ట్రేడుల్లో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. సగటు నష్టం సరిగ్గా రెండు వేలే వచ్చిందంటే బహుశా ఇంతవరకూ పెద్దవి తగల్లేదు. ఒక్కటి తగిలినా సగటు నష్టం పెరిగి b తగ్గుతుంది. ఆ తగ్గుదల ఇంకా మీ సూత్రంలోకి రాలేదు.

ఆప్షన్ల ప్రశ్నకు నా జవాబు, వాడకూడదు. మీరు కొలిచినది షేర్లలో మీ పద్ధతిని. ఆప్షన్లలో గెలుపు శాతమూ వేరు, లాభనష్టాల ఆకారమూ వేరు. కొన్న ఆప్షన్ ప్రీమియం మొత్తం పోవచ్చు, అమ్మిన ఆప్షన్‌లో నష్టం, చేతికి వచ్చిన ప్రీమియాన్ని ఎన్నో రెట్లు దాటవచ్చు. ఒక సగటు లాభం, ఒక సగటు నష్టం అనే రెండు సంఖ్యల్లో ఆ ఫలితాలు ఇమడవు. సెబీ 2024 సెప్టెంబరులో విడుదల చేసిన అధ్యయనం ప్రకారం 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఫ్యూచర్లు, ఆప్షన్లలో ట్రేడ్ చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. అలాంటిచోట సొంత కొలత లేనివాడికి p ఎంత అంటే, సూత్రంలో వేయగానే f సున్నాకు దిగువకు పోయేంత అనుకోవడమే న్యాయం. f సున్నా గానీ, అంతకు తక్కువ గానీ వస్తే సూత్రం చెప్పేది ఒక్కటే, పణం పెట్టవద్దని.

చివరగా ఆ లక్షన్నర. జూన్‌లో కట్టాల్సిన ఫీజు మీ ఖాతాలో ఉన్నా, పందేనికి పెట్టగలిగిన సొమ్ములో లేదు. సూత్రం ఊహించే సొమ్ము, పడిపోతే మళ్లీ పెరిగేదాకా ఎదురుచూడగలిగిన సొమ్ము. కాలేజీ గడువు మీ ఖాతా కోలుకునేదాకా ఆగదు. దాన్ని ఇప్పుడే వేరే బ్యాంకు ఖాతాకు మార్చండి. లెక్కకు మిగిలేది 3 లక్షల 50 వేలు. అందులో తెరిచి ఉన్న అన్ని ట్రేడులకు కలిపి 3 శాతం అంటే 10,500 రూపాయలు. మూడు షేర్లు పట్టుకుంటే ఒక్కోదానికి 3,500, నాలుగైతే సుమారు 2,600. రూ. 400 షేరుకు రూ. 380 స్టాప్‌లాస్ ఉన్నప్పుడు 3,500 పణం అంటే 175 షేర్లు, 70,000 రూపాయల సరుకు. మూడు షేర్లూ కలిపినా అప్పు అవసరం లేకుండా ఖాతాలోనే ఇమడుతుంది. ఇప్పుడు మీరు పెడుతున్న రెండు వేలకు ఈ 3,500 అనేది 1.75 రెట్లు. రెండు పెద్ద లాభాలను కొట్టేసిన పరీక్షలో f 5 శాతానికి పడిపోతే దీన్ని కూడా పెంచవద్దు, రెండు వేల దగ్గరే ఉండండి. నెలకోసారి మిగిలిన సొమ్మును చూసి పణాన్ని సరిచేయండి. p, b లను మాత్రం ప్రతి యాభై ట్రేడులకు ఒకసారి, మొదటి ట్రేడు నుంచి అన్నిటినీ కలిపి, తిరిగి లెక్కవేయండి. నిన్నటి నాలుగు గెలుపులను చూసి శాతాన్ని మార్చవద్దు. రెండు వందల ట్రేడులు పూర్తయ్యేసరికి మొత్తం గెలుపు శాతం, అప్పటి b కి వచ్చే సమాన గీతకు, అంటే 1ని (1+b)తో భాగిస్తే వచ్చే సంఖ్యకు, దగ్గరగా వస్తే పణాన్ని మళ్లీ రెండు వేలకు తగ్గించండి. గీతకు దిగువకు పోతే ట్రేడులు ఆపి, పుస్తకాన్ని మొదటి నుంచి చదవండి.